లీకైంది ఏమిటి, ఇప్పుడేం చేయాలి

2021 మే నెలలో ఎయిరిండియా ప్రయాణికులకు ఒక ఈమెయిల్ వచ్చింది. అప్పటికి అది ఇంకా ప్రభుత్వ రంగ సంస్థే. ప్రయాణికుల వివరాలు చూసుకునే పనిని సీటా అనే అంతర్జాతీయ కంపెనీకి అప్పగించి ఉంది. ఆ కంపెనీ సర్వర్లలోకి ఎవరో చొరబడ్డారు. 2011 ఆగస్టు 26 నుంచి 2021 ఫిబ్రవరి వరకు నమోదైన వివరాలు బయటికి పోయాయి. ప్రపంచవ్యాప్తంగా సుమారు 45 లక్షల మందివి. పేరు, పుట్టిన తేదీ, ఫోను, ఈమెయిల్, పాస్‌పోర్ట్ వివరాలు, టికెట్ వివరాలు, కొందరి క్రెడిట్ కార్డు వివరాలు ఆ జాబితాలో ఉన్నాయి. గల్ఫ్‌కు కూలికి వెళ్లినవారి నుంచి అమెరికాలో మనవల్ని చూసి వచ్చిన తాతల వరకు, ఆ పదేళ్లలో ఈ విమానమెక్కిన తెలుగువారు లక్షల్లో ఉంటారు. కాబట్టి ఆ ఈమెయిల్ మనకు పరాయి సంగతి కాదు.

ఆ ఈమెయిల్‌లో మంచి విషయాలు చాలా ఉన్నాయి. ఏయే వివరాలు పోయాయో వరసగా చెప్పారు. పాస్‌వర్డ్‌లు పోలేదని చెప్పారు. కార్డు వెనక ఉండే సీవీవీ నంబరు ఆ సర్వర్లలో అసలు లేదని చెప్పారు. తమకు మొదటి సమాచారం ఫిబ్రవరి 25న అందిందని, ఎవరెవరి వివరాలు పోయాయన్నది మాత్రం మార్చి 25న, ఏప్రిల్ 5న తెలిసిందని తేదీలతో సహా రాశారు. సర్వర్లను భద్రపరిచామని, బయటి నిపుణులను పిలిపించామని, కార్డులిచ్చిన బ్యాంకులకు కబురు పెట్టామని, తమ ఫ్రీక్వెంట్ ఫ్లయర్ ఖాతాల పాస్‌వర్డ్‌లు మార్చేశామని వివరించారు.

చివరికి ప్రయాణికుడు ఏం చేయాలన్న చోటికి వచ్చేసరికి మాత్రం ఒకే ఒక్క సలహా ఉంది. అవసరమైన చోట పాస్‌వర్డ్‌లు మార్చుకోమని.

పోయింది పాస్‌పోర్ట్ నంబరు, పుట్టిన తేదీ, ఫోను నంబరు. పోలేదని వాళ్లే చెప్పింది పాస్‌వర్డ్. మార్చుకోమన్నది పాస్‌వర్డ్‌నే. పాస్‌పోర్ట్ సంగతి ఏమిటి, కొత్తది తీసుకోవాలా, అక్కర్లేదా? నా టికెట్ వివరాలు చెప్పి ఎవరైనా ఫోన్ చేస్తే నమ్మాలా? కార్డు మార్పించుకోవాలా, బ్యాంకే చూసుకుంటుందా? చదివిన మనిషికి కలిగే ఈ ప్రశ్నలకు అందులో జవాబు లేదు. జరిగినదాన్ని చెప్పిన పేరాకూ, చేయాల్సింది చెప్పిన పేరాకూ మధ్య లంకె తెగిపోయింది. డేటా లీకైనప్పుడు కంపెనీలు రాసే లేఖల్లో అతి తరచుగా కనిపించే లోపం ఇదే. పోయిన ప్రతి వివరానికీ ఎదురుగా, దానివల్ల రాగల ముప్పు, దానికి చేయాల్సిన పని ఉండాలి. అలా లేని లేఖ చదివినవాడికి భయం మిగులుతుంది తప్ప దారి దొరకదు.

చట్టం అడుగుతున్న ఐదు సంగతులు

మన దేశంలో ఇలాంటి లేఖ ఎలా ఉండాలో చెప్పే చట్టం చాలాకాలం లేదు. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. దాని నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి. వినియోగదారులకు తెలియజేయాల్సిన బాధ్యత ఆ తర్వాత పద్దెనిమిది నెలలకు, అంటే 2027 మే నెలలో అమల్లోకి వస్తుంది. ఏడో నిబంధన ప్రకారం, ఎవరి వివరాలు పోయాయో వారిలో ప్రతి ఒక్కరికీ ఆలస్యం లేకుండా, క్లుప్తంగా, స్పష్టంగా, సులువైన మాటల్లో ఐదు సంగతులు చెప్పాలి. ఏం జరిగింది, ఎంతమేర, ఎప్పుడు అన్నది మొదటిది. దానివల్ల ఆ వ్యక్తికి ఏం ముప్పు రావచ్చన్నది రెండోది. ముప్పు తగ్గించడానికి సంస్థ ఏం చేసింది, ఏం చేస్తోంది అన్నది మూడోది. ఆ వ్యక్తి తనను తాను కాపాడుకోవడానికి ఏం చేయవచ్చన్నది నాలుగోది. ప్రశ్నలకు జవాబు చెప్పగల మనిషిని ఎలా సంప్రదించాలన్నది ఐదోది.

ఐరోపా చట్టం ప్రకారం వ్యక్తులకు ముప్పు ఎక్కువగా ఉంటేనే వారికి చెప్పాలి. మన చట్టంలో ఆ వెసులుబాటు లేదు. లీకు చిన్నదా పెద్దదా అని చూడకుండా, ప్రభావితుడైన ప్రతి మనిషికీ, డేటా రక్షణ బోర్డుకూ చెప్పి తీరాలి. బోర్డుకు వెంటనే ప్రాథమిక సమాచారం, 72 గంటల్లో పూర్తి వివరాలు ఇవ్వాలి. చెప్పకుండా దాచిపెడితే 200 కోట్ల రూపాయల దాకా జరిమానా పడవచ్చు. ఇది కాక, సైబర్ సంఘటన తెలిసిన ఆరు గంటల్లో సెర్ట్-ఇన్ అనే కేంద్ర సంస్థకు కబురు పెట్టాలన్న ఆదేశం 2022 నుంచే ఉంది.

ఈ ఐదు సంగతులూ పెద్ద కంపెనీలకే అనుకోవద్దు. కంప్యూటర్‌లో మనుషుల వివరాలు దాచే కోచింగ్ సెంటర్, చిట్‌ఫండ్ కంపెనీ, ఆస్పత్రి, చీరల ఆన్‌లైన్ దుకాణం, అన్నిటికీ ఈ బాధ్యత ఉంటుంది. వీటిలో చాలావాటికి న్యాయ విభాగం ఉండదు, సైబర్ నిపుణులు ఉండరు. లేఖ రాయాల్సింది యజమానో మేనేజరో. అందుకే ఒక చిన్న సంస్థను తీసుకుని మొదటినుంచి చివరిదాకా చూద్దాం. ఇది ఊహించిన ఉదాహరణే. ఇలాంటి లోపం మాత్రం వెబ్‌సైట్లలో చాలా మామూలు.

రాయడానికి ముందు లాగ్ చదవాలి

ఒక జిల్లా కేంద్రంలో రక్తపరీక్షల ల్యాబ్ ఉంది. రిపోర్టు తయారవగానే రోగి ఫోనుకు ఎస్సెమ్మెస్‌లో లింకు పంపిస్తారు. లింకు నొక్కితే రిపోర్టు తెరుచుకుంటుంది. పాస్‌వర్డ్ గానీ ఓటీపీ గానీ అడగదు. లింకు చివర ఒక నంబరు ఉంటుంది. 19వ తేదీన ఒక కస్టమర్ ఫోన్ చేసి, "మేడమ్, ఆ నంబరులో చివరి అంకె పొరపాటున మార్చి కొట్టాను, వేరేవాళ్ల రిపోర్టు వచ్చింది" అన్నాడు. నంబర్లు వరస క్రమంలో ఉండటం, రిపోర్టు ఇచ్చేముందు మనిషెవరో అడగకపోవడం, ఈ రెండూ కలిసి తలుపు తెరిచిపెట్టాయి.

మొదట చేయాల్సింది ఆ లింకులన్నీ ఆపేయడం. రెండోది సర్వర్ లాగ్‌ను చెరిగిపోకుండా కాపీ తీసి పెట్టుకోవడం. వెబ్‌సైట్‌లో ఏ పేజీని ఎవరు ఏ సమయంలో తెరిచారో సర్వర్ తనంతట తాను రాసుకునే దినచర్య అది. ఒక్కోసారి మరమ్మతు కంగారులో సాంకేతిక సిబ్బంది సర్వర్‌ను పూర్తిగా తుడిచి కొత్తగా పెడతారు. దాంతో ఆధారాలన్నీ పోతాయి. అప్పుడు లేఖలో రాయడానికి నిజమంటూ ఏమీ మిగలదు.

లాగ్ తెరిస్తే మామూలు రోజుల్లో ఒక్కో ఇంటర్నెట్ చిరునామా నుంచి ఒకటో రెండో రిపోర్టులు తెరుచుకుని ఉంటాయి. 12వ తేదీ రాత్రి మాత్రం ఒకే చిరునామా నుంచి ఇలా కనిపించింది.

```
23:40:02 GET /report?id=48211 200
23:40:04 GET /report?id=48212 200
23:40:06 GET /report?id=48213 200
```

చివర ఉన్న 200 అంటే అడిగిన రిపోర్టును సర్వర్ ఇచ్చేసిందని అర్థం. రెండేసి సెకన్లకు ఒకటి చొప్పున, వరసగా, తెల్లవారుజామున నాలుగున్నర దాటేదాకా. మనిషి వేలితో చేసే పని కాదది, ప్రోగ్రాం రాసి చేయించిన పని. 48211 నుంచి 57160 వరకు, మొత్తం 8,950 రిపోర్టులు. ఒక్కరికే రెండు మూడు పరీక్షలు ఉన్నచోట్ల కలిపి లెక్కిస్తే 7,300 మంది.

ఇక్కడ లాగ్ చెప్పేదేమిటో, చెప్పలేనిదేమిటో తేడా తెలుసుకోవాలి. ఏ రిపోర్టులు, ఎప్పుడు, ఎన్ని అన్నది చెబుతుంది. ఎవరు తీసుకున్నారో చెప్పదు, ఎందుకంటే ఆ చిరునామా ఎక్కడో అద్దెకు తీసుకున్న కంప్యూటర్‌ది కావచ్చు. తీసుకున్నవాటిని ఏం చేశారో కూడా చెప్పదు. ఇంకో పరిమితి కాలానిది. సెర్ట్-ఇన్ ఆదేశం ప్రకారం లాగ్‌లు 180 రోజులు దాచాలి. ఈ ల్యాబ్ అంతవరకే దాచింది. లింకుల పద్ధతి మొదలై రెండేళ్లయింది. కాబట్టి ఆరు నెలల కిందట ఇలాంటిది జరిగిందో లేదో ఎవరూ చెప్పలేరు.

కంపెనీల లేఖల్లో "మీ సమాచారం దుర్వినియోగమైనట్లు ఎలాంటి ఆధారాలూ లేవు" అనే వాక్యం తప్పకుండా కనిపిస్తుంది. దానికి రెండు అర్థాలు రావచ్చు. వెతికాం, కనబడలేదు అన్నది ఒకటి. వెతకడానికి మా దగ్గర రికార్డే లేదు అన్నది ఇంకొకటి. చదివినవాడు మొదటి అర్థమే తీసుకుని నిశ్చింతగా ఉంటాడు. రాసినవాడి దగ్గర ఉన్నది రెండోది అయితే అది మోసమే. "చూశారు గానీ తీసుకెళ్లలేదు" అన్న మాటదీ ఇదే తీరు. వెబ్‌లో రిపోర్టు తెరుచుకుందంటే దాని నకలు అవతలి కంప్యూటర్‌కు చేరిందనే లెక్క. కాబట్టి తీసుకెళ్లారనే అనుకుని రాయాలి.

మూడో రోజున చెప్పిన రక్తనిధి

అన్నీ తేలేదాకా ఆగితే నెలలు పడుతుంది, తేలకముందే చెబితే తప్పు చెబుతామేమో అన్న భయం ప్రతి సంస్థకూ ఉంటుంది. ఈ విషయంలో 2016లో ఆస్ట్రేలియా రెడ్‌క్రాస్ రక్త సేవా సంస్థ నడిచిన తీరు చూడదగ్గది.

వాళ్ల వెబ్‌సైట్ చూసుకునే కాంట్రాక్ట్ కంపెనీ, దాతల వివరాలున్న ఒక ఫైలును పొరపాటున ఎవరికైనా అందేచోట పెట్టింది. రక్తదానానికి పేరు నమోదు చేసుకున్న సుమారు 5.5 లక్షల మంది వివరాలు అందులో ఉన్నాయి. పేరు, చిరునామా, పుట్టిన తేదీతోపాటు, లైంగిక జీవితానికి సంబంధించిన అర్హత ప్రశ్నకు ఇచ్చిన జవాబులు కూడా. ఇంటర్నెట్‌లో వెతుకుతున్న ఒక వ్యక్తికి అది దొరికింది. సంస్థకు అక్టోబరు 26న తెలిసింది. 28న బహిరంగంగా ప్రకటించి, దాతలకు కబుర్లు పంపడం మొదలుపెట్టింది. తప్పు కాంట్రాక్టర్ చేతిలో జరిగినా, దాతలకు జవాబుదారీ తామేనని ఒప్పుకుని క్షమాపణ చెప్పింది. ప్రశ్నలడగడానికి ఫోన్ లైన్ తెరిచింది. గుర్తింపు దొంగతనాల మీద పనిచేసే నిపుణ సంస్థతో ముప్పు ఎంతో అంచనా వేయించి ఆ మాటా చెప్పింది.

తర్వాత ఆ దేశ సమాచార కమిషనర్ విచారణ జరిపారు. డేటాను అవసరానికి మించి దాచుకున్నందుకు సంస్థను తప్పుపట్టారు. లీకు తెలిశాక స్పందించిన తీరును మాత్రం మెచ్చుకున్నారు.

అక్టోబరు 28 నాటికి ఆ సంస్థకు అన్నీ తెలియవు. ఏ ఫైలు, ఎవరివి, ఏ వివరాలు అన్నది తెలుసు. దాతకు కావలసినవి ఆ మూడే. ఎవరి తప్పు, ఎలా జరిగింది, ఎవరిమీద చర్య అన్నవి తర్వాత చెప్పుకోవచ్చు. మన ల్యాబ్‌కు కూడా ఇదే కొలబద్ద. లాగ్ చదవడానికి, జాబితా తీయడానికి రెండు రోజులు చాలు. 21వ తేదీన లేఖ వెళ్లాలి.

లేఖ

ఇదిగో ల్యాబ్ పంపదగిన లేఖ.

"నమస్కారం. మా ల్యాబ్‌లో చేయించుకున్న మీ పరీక్ష రిపోర్టు, మా వెబ్‌సైట్‌లోని లోపం వల్ల బయటి వ్యక్తి చేతికి వెళ్లింది. ఇది ఈ నెల 12వ తేదీ రాత్రి జరిగింది. మాకు 19వ తేదీ ఉదయం తెలిసింది. మీతో కలిపి 7,300 మంది రిపోర్టులు ఇలా వెళ్లాయి. ఈ లోపం మాది. క్షమించండి.

ఆ రిపోర్టులో మీ పేరు, వయసు, ఫోను నంబరు, పరీక్ష రాసిన డాక్టరు పేరు, పరీక్ష ఫలితాలు ఉన్నాయి. ఆధార్ నంబరు, చిరునామా, బ్యాంకు, కార్డు, యూపీఐ వివరాలు అందులో లేవు. డబ్బు చెల్లింపులు వేరే కంపెనీ సర్వర్‌లో జరుగుతాయి, అది ఈ లోపానికి సంబంధం లేనిది.

గత 180 రోజుల రికార్డులన్నీ చూశాం. ఆ ఒక్క రాత్రి తప్ప ఇలాంటిది కనబడలేదు. అంతకుముందు కాలపు రికార్డులు మా దగ్గర లేవు, కాబట్టి ఆ రోజుల గురించి ఏమీ చెప్పలేం.

19వ తేదీ పదిన్నరకు పాత లింకులన్నీ ఆపేశాం. ఇకమీదట మీ ఫోనుకు వచ్చే ఓటీపీ కొడితేనే రిపోర్టు తెరుచుకుంటుంది. అదే రోజు ప్రభుత్వ సంస్థలకు తెలియజేశాం, పోలీసులకు ఫిర్యాదు చేశాం. వెబ్‌సైట్ మొత్తాన్ని బయటి నిపుణులతో పరీక్ష చేయిస్తున్నాం. అందులో మీకు సంబంధించింది ఏదైనా బయటపడితే మళ్లీ రాస్తాం.

మీరు జాగ్రత్తపడాల్సింది ఫోన్ కాల్స్ విషయంలో. మీ పేరు, డాక్టరు పేరు, షుగరో థైరాయిడో ఎంతుందో సరిగ్గా చెప్పి ఎవరైనా ఫోన్ చేయవచ్చు. మందులు పంపుతామనో, ఇన్సూరెన్స్ డబ్బు వచ్చిందనో చెప్పి ఓటీపీ గానీ అడ్వాన్సు గానీ అడగవచ్చు. ఆ వివరాలు తెలిసినంత మాత్రాన వాళ్లు మా మనుషులని నమ్మవద్దు. మేము ఫోన్‌లో డబ్బు గానీ ఓటీపీ గానీ అడగం. రిపోర్టు బయటపెడతామని ఎవరైనా బెదిరిస్తే డబ్బు ఇవ్వకండి. ఆ మెసేజ్ చెరపకుండా ఉంచి మాకు చెప్పండి, cybercrime.gov.in లో ఫిర్యాదు చేయండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

పాస్‌వర్డ్‌లు మార్చుకోవడం, కార్డు ఆపించుకోవడం అవసరం లేదు. పరీక్ష మళ్లీ చేయించుకోనక్కర్లేదు, మా దగ్గరున్న ఫలితాలు ఏవీ మారలేదు.

ప్రశ్నలుంటే మీ బిల్లు మీద ఉన్న నంబరుకు ఉదయం ఏడు నుంచి రాత్రి తొమ్మిది వరకు ఫోన్ చేసి మా మేనేజర్‌ను అడగండి."

ఈ లేఖలో సంస్థ ఎంత పేరున్నదో, ఎన్నేళ్ల చరిత్ర ఉందో ఒక్క ముక్క లేదు. "మీ భద్రతే మా ధ్యేయం" అన్న మాట లేదు. "కొందరు వినియోగదారుల సమాచారం ప్రభావితమై ఉండవచ్చు" అన్న నీళ్లు నమిలే వాక్యం లేదు. ఈ లేఖ మీకు వచ్చిందంటే పోయింది మీ రిపోర్టే. మొదటి వాక్యంలోనే "మీ" అని రావడం అందుకే.

పోనివాటి గురించి చెప్పిన వాక్యాలకూ అంతే విలువ ఉంది. బ్యాంకు వివరాలు లేవని తెలియకపోతే ఏడు వేల మంది మర్నాడు బ్యాంకుల ముందు నిలబడతారు. పరీక్ష మళ్లీ అక్కర్లేదని చెప్పకపోతే, నా ఫలితం ఎవరైనా మార్చేశారేమో అని గర్భిణీ భయపడుతుంది. చేయనక్కర్లేని పనులు చెప్పడం కూడా చేయాల్సింది చెప్పడంలో భాగమే. అయితే ఆ మాట చెక్ చేశాకే రాయాలి. లేవని రాసి, పదిరోజుల తర్వాత ఉన్నాయని తేలితే, ఆ తర్వాత ఆ సంస్థ ఏం చెప్పినా ఎవరూ నమ్మరు.

పోయినదాన్ని బట్టి పని మారుతుంది

ఈ ల్యాబ్ లేఖనే నకలు చేసి ఇంకో సంస్థ పంపితే పనికిరాదు. పోయింది వేరైతే చేయాల్సిందీ వేరవుతుంది. ఇక్కడ ఒక్క ప్రశ్న వేసుకుంటే దారి తెలుస్తుంది: పోయినదాన్ని మార్చుకోవచ్చా, లేదా?

పాస్‌వర్డ్‌ను మార్చుకోవచ్చు. కాబట్టి పాస్‌వర్డ్ పోతే మార్చమనాలి. అదే పాస్‌వర్డ్ ఇంకెక్కడైనా వాడుతుంటే అక్కడా మార్చమనడం మరీ ముఖ్యం. ఎందుకంటే ఒకచోట దొరికిన జతను దొంగలు ఈమెయిల్, షాపింగ్ ఖాతాలన్నిటిలో ప్రయత్నిస్తారు. కార్డునూ మార్చుకోవచ్చు. బ్యాంకుకు చెప్పి పాత కార్డు ఆపించి కొత్తది తీసుకుంటే పాత నంబరు ఎందుకూ పనికిరాదు.

పుట్టిన తేదీని, వేలిముద్రను, రక్తపరీక్ష ఫలితాన్ని మార్చుకోలేం. అలాంటివి పోయినప్పుడు, వాటితో ఎవరైనా ఏం చేయగలరో ఆ దారిని మూయాలి. ఆధార్ నంబరు పోతే, ఆధార్ యాప్‌లోనో వెబ్‌సైట్‌లోనో బయోమెట్రిక్ లాక్ పెట్టుకోమనాలి. అప్పుడు వేలిముద్రతో జరిగే లావాదేవీలు మనం తెరిచేదాకా ఆగిపోతాయి. పాన్ కార్డు, పుట్టిన తేదీ కలిసి పోతే మన పేరుతో ఎవరైనా అప్పు తీసుకోవచ్చు. క్రెడిట్ రిపోర్టు చూసుకుంటే అది బయటపడుతుంది. ప్రతి క్రెడిట్ సమాచార సంస్థా ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టును ఉచితంగా ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నియమం ఉంది. అప్పు రిపోర్టులో కనబడటానికి కొన్ని వారాలు పట్టవచ్చు కాబట్టి, ఇవాళ ఒకసారి చూసి వదిలేయకుండా కొన్ని నెలల తర్వాత మళ్లీ చూడమని కూడా లేఖలో రాయాలి.

"అప్రమత్తంగా ఉండండి" అని రాసి ఊరుకుంటే ఈ పనుల్లో ఒక్కటీ జరగదు. దేని విషయంలో, ఎవరి దగ్గర, ఎన్నాళ్లు అన్నది చెప్పినప్పుడే అది సలహా అవుతుంది.

ఎలా పంపుతారన్నదీ ముఖ్యమే

మన ల్యాబ్ దగ్గర చాలామంది ఈమెయిల్ లేదు, ఫోన్ నంబరే ఉంది. అందులోనూ ఇంకో చిక్కు. పల్లె నుంచి వచ్చిన పెద్దాయన కొడుకు నంబరు ఇస్తాడు. కొందరు ఆశా కార్యకర్త నంబరో, తోడు వచ్చిన పక్కింటివారి నంబరో ఇస్తారు. ఇంట్లో అందరూ చూసే ఫోనుకు "మీ హెచ్ఐవీ పరీక్ష రిపోర్టు లీకైంది" అని ఎస్సెమ్మెస్ పంపితే, దొంగ చేయని చెరుపు ల్యాబే చేసినట్టవుతుంది. అందుకని ఎస్సెమ్మెస్‌లో పరీక్ష పేరు గానీ ఫలితం గానీ ఉండకూడదు. "మా ల్యాబ్‌లో మీ రిపోర్టు వివరాలు 12వ తేదీన బయటికి వెళ్లాయి. పూర్తి సంగతికి మీ బిల్లు మీద ఉన్న నంబరుకు ఫోన్ చేయండి లేదా ల్యాబ్‌కు రండి" అంటే చాలు. పూర్తి లేఖను ల్యాబ్ గోడ మీద, వెబ్‌సైట్ మొదటి పేజీలో పెట్టాలి. ఆ జాబితాలో పేరుందో లేదో మాత్రం మనిషెవరో నిర్ధారించుకున్నాకే చెప్పాలి.

ఎస్సెమ్మెస్‌లో లింకు పెట్టకపోవడం కూడా కావాలని చేసిందే. లీకు వార్త బయటికి రాగానే దొంగలు అచ్చం అలాంటి లేఖలే తయారుచేసి "మీ ఖాతా భద్రపరచుకోవడానికి ఇక్కడ నొక్కండి" అని పంపిస్తారు. అమెరికాలో 2017లో ఈక్విఫాక్స్ అనే క్రెడిట్ సమాచార సంస్థ నుంచి 14 కోట్లకు పైగా మంది వివరాలు పోయాయి. బాధితుల కోసం ఆ సంస్థ తన అసలు వెబ్‌సైట్‌లో కాకుండా equifaxsecurity2017.com అని కొత్త సైటు తెరిచింది. అది ఎంత సులువుగా మోసానికి దారితీస్తుందో చూపించడానికి ఒక సాఫ్ట్‌వేర్ ఇంజినీరు అదే పోలికతో securityequifax2017.com అని నకిలీ సైటు పెట్టాడు. ఈక్విఫాక్స్ అధికారిక ట్విటర్ ఖాతాయే జనాన్ని పలుమార్లు ఆ నకిలీ సైటుకు పంపింది. అదృష్టవశాత్తూ దాన్ని పెట్టినవాడు దొంగ కాదు. కాబట్టి జనానికి అప్పటికే తెలిసిన దారినే వాడాలి. బిల్లు మీది నంబరు, రోజూ తెరిచే యాప్, తెలిసిన చిరునామా, ఇవే నమ్మకమైనవి.

భాష సంగతి చెప్పనక్కర్లేదనుకుంటాం గానీ చెప్పాలి. తెలుగులో మాట్లాడి, తెలుగులో డబ్బు తీసుకున్న సంస్థ, ప్రమాదం వచ్చినప్పుడు మాత్రం లాయరు రాసిన ఇంగ్లిష్ కాగితం పంపడం న్యాయం కాదు. సులువైన మాటల్లో చెప్పాలన్న నిబంధనకు అర్థం, చదివేవాడికి వచ్చిన భాషలో చెప్పడమే. లేఖ పంపేముందు, కంప్యూటర్ పనితో సంబంధం లేని ఒకరికి, రిసెప్షన్‌లో కూర్చునే అమ్మాయికో అటెండరుకో ఇచ్చి చదివించండి. చదివాక "ఏం పోయింది, ఇప్పుడు నువ్వేం చేస్తావు?" అని అడగండి. రెండిటికీ తడుముకోకుండా జవాబు చెబితే లేఖ బాగున్నట్టే. చెప్పలేకపోతే తిరగరాయాలి. ఫోన్లు ఎత్తేవాళ్లకు కూడా అదే లేఖ ముందుగా అందాలి. లేకపోతే లేఖలో ఒకటి, ఫోన్‌లో ఇంకొకటి చెబుతారు.

మనుషుల వివరాలు దాచే ప్రతి సంస్థ యజమానికీ ఒక మనవి. చట్టం అమల్లోకి వచ్చేదాకా ఆగకుండా ఈ వారమే మూడు పనులు చేసిపెట్టుకోండి. మీ దగ్గర ఎవరి వివరాలు ఏమేమి ఉన్నాయో ఒక కాగితం మీద రాసుకోండి. లాగ్‌లు 180 రోజులైనా నిలుస్తున్నాయో లేదో మీ సాంకేతిక సిబ్బందిని అడగండి. తేదీలు, వివరాలు ఖాళీ ఉంచి ఒక తెలుగు లేఖను ముందే రాసిపెట్టుకోండి. లీకైన రాత్రి కూర్చుని మంచి లేఖ రాయడం ఎవరివల్లా కాదు.

ఇక పాఠకులకు. రేపు మీకు ఇలాంటి లేఖ వస్తే ఐదు ప్రశ్నలతో చదవండి: నావి ఏ వివరాలు పోయాయి, ఎప్పుడు పోయాయి, దానివల్ల నాకేం కావచ్చు, మీరేం చేశారు, నేనేం చేయాలి. ఏ ఒక్కదానికి జవాబు లేకపోయినా, మీ దగ్గర ముందునుంచీ ఉన్న నంబరుకు ఫోన్ చేసి అడగండి. వివరాలు మీవి, కాబట్టి జవాబు చెప్పించుకునే హక్కూ మీదే.